గెలిచే ఖాతాకు బుకీ కళ్లెం

టోక్యో విశ్వవిద్యాలయ పరిశోధకుడు లిసాండ్రో కౌనిట్జ్, ఇద్దరు సహచరులతో కలిసి 2017లో ఒక పరిశోధన పత్రం వెలువరించారు. పదేళ్లలో జరిగిన సుమారు 4.8 లక్షల ఫుట్‌బాల్ మ్యాచ్‌ల పందెం రేట్లను వాళ్లు జల్లెడ పట్టారు. ఏ జట్టు గెలుస్తుందన్న జోలికి పోలేదు. బుకీలందరి రేట్ల సగటునే నమ్ముకుని, ఎవరైనా దాన్ని మించి బాగా ఎక్కువ ఇస్తుంటే అక్కడే పందెం కాశారు. సొంత డబ్బు 50 డాలర్ల చొప్పున పెడితే లాభం వచ్చింది. కొన్ని నెలలకే బుకీలు వాళ్ల ఖాతాలను బిగించేశారు.

బ్రిటన్‌లో ఇది చట్టవిరుద్ధం కాదు. అక్కడ లైసెన్సున్న బుకీ ఎవరి పందెం తీసుకోవాలో, ఎంత తీసుకోవాలో తానే తేల్చుకోవచ్చు. (మన తెలుగు రాష్ట్రాల్లో ఆన్‌లైన్ బెట్టింగే నేరం కాబట్టి ఈ లెక్కలన్నీ బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి చోట్ల ఉన్నవాళ్లకే.)

బుకీ బతుకంతా చిన్న తేడా మీదే నడుస్తుంది. రెండు వైపులా సమాన అవకాశం ఉంటే న్యాయమైన రేటు 2.00. అంటే పౌండు పెడితే రెండు పౌండ్లు రావాలి. బుకీ రెండు వైపులా 1.91 ఇచ్చి మిగతాది ఉంచుకుంటాడు. వందల మ్యాచ్‌లకు రేట్లు వేసేటప్పుడు ఎక్కడో ఒకచోట పొరపాటున 2.10 పడుతుంది. మామూలు ఖాతాదారు తన అభిమాన జట్టు మీద కాస్తాడు, ఆ 2.10ని గమనించడు. దాన్నే వెతికి పట్టుకునే ఖాతా మాత్రం బుకీకి నష్టమే.

అలాంటి ఖాతాను పట్టుకోవడానికి బుకీ లాభనష్టాల దాకా ఆగడు. మీరు 2.10కి కాసిన పందెం, ఆట మొదలయ్యే సమయానికి 1.95కి దిగిందా అని చూస్తాడు. పదే పదే అలాగే జరుగుతుంటే, ఇప్పటిదాకా ఓడుతున్నా సరే, మీరు తెలిసి ఆడుతున్నారని తేల్చేస్తాడు. నా దృష్టిలో ఈ వ్యాపారంలో అన్నిటికంటే తెలివైన పని ఇదే. ముందుగా ఆఫర్లు ఆగిపోతాయి. తర్వాత 50 పౌండ్లు టైప్ చేస్తే, గరిష్ఠం రెండు పౌండ్ల చిల్లరేనని తెర మీద కనిపిస్తుంది.

కాబట్టి తెలిసి ఆడేవాడు ఖాతాకు ఆయుష్షు ఉందనుకునే లెక్క వేసుకోవాలి. 2.00 విలువైన పందేన్ని 2.10కి పట్టుకుంటే సగటున ప్రతి వంద పౌండ్లకు ఐదు మిగులుతాయి. ఒక్కో పందెం 20 పౌండ్లనుకుందాం. వంద పందేల తర్వాత ఖాతా బిగుసుకుంటే, రావలసిన సగటు లాభం 100 పౌండ్లు. అది సగటు మాత్రమే. వందలో 48 గెలిస్తేనే నష్టం తప్పుతుంది. 47 లేదా అంతకంటే తక్కువ గెలిచే అవకాశం దాదాపు 30 శాతం. అంటే పద్ధతి సరైనదే అయినా, పదిమందిలో ముగ్గురు ఖాతా బిగుసుకునేసరికి నష్టంలోనే ఉంటారు. అదృష్టం సర్దుకునేలోపే తలుపు మూసుకుంటుందన్నమాట.

బిగించాక 5 పౌండ్లే తీసుకుంటారనుకోండి. ఒక్కో పందేనికి సగటు మిగులు పావు పౌండు. వారానికి ఇరవై కాస్తే ఏడాదికి 260 పౌండ్లు, అదీ అన్ని పందేలకూ అంత మంచి రేటు దొరికితే. దీనికోసం ఆ ఖాతాలో రెండు వేల పౌండ్లు ఉంచడం దండగ, రెండు మూడు వందలు చాలు. పోగొట్టుకున్నా ఇల్లు గడిచే డబ్బు మాత్రమే పెట్టాలన్నది ఎలాగూ తప్పదు. పరిమితి తక్కువుందని నాలుగైదు పందేలు కలిపి ఒకటిగా కాయడం మరో ఉచ్చు. కలిపిన ప్రతి రేటులోనూ బుకీ వాటా ఉంటుంది, అవన్నీ ఒకదానితో ఒకటి హెచ్చుతాయి. తమ్ముడి పేరుతో ఖాతా తెరవడం ఇంకా ప్రమాదం. నిబంధనల ఉల్లంఘన కింద గెలిచిన సొమ్మునే ఆపేయవచ్చు.

బెట్‌ఫెయిర్ లాంటి ఎక్స్ఛేంజ్‌లో ఎదుటి పందెంగాడితోనే ఆడతారు కాబట్టి ఈ తరహా కళ్లెం ఉండదు. కానీ అక్కడ పొరపాటు రేట్లు అరుదు. బుకీ దగ్గర 2.10 ఉన్నప్పుడు ఎక్స్ఛేంజ్‌లో 2.02 కనిపిస్తుంది. లాభం మీద రెండు శాతం కమీషన్ తీసేస్తే మిగిలేది సున్నా కంటే ఒక పిసరు తక్కువే. చిన్న మ్యాచ్‌లకైతే అవతలి పక్షాన డబ్బు పెట్టేవాడే దొరకకపోవచ్చు.

ఆస్ట్రేలియాలో గుర్రప్పందేలకు మాత్రం మరో దారి తీశారు. న్యూ సౌత్ వేల్స్ 2014లో కనీస పందెం నిబంధన తెచ్చింది. పెద్ద నగరాల రేసుల్లో గుర్రం గెలిస్తే బుకీ 2,000 డాలర్లు నష్టపోయేంత పందెమైనా, మిగతా రేసుల్లో 1,000 డాలర్లదైనా తీసుకుని తీరాలి. అయితే ఇది రేసు రోజు నిర్ణీత సమయం తర్వాతే వర్తిస్తుంది. పొరపాటు రేట్లు అప్పటికి చాలావరకు సర్దుకుని ఉంటాయి.