డెబ్బై చీటీల్లో ఒకటి

"మా ఇంట్లో గేదెలున్నాయి సార్. గేదెపాల టీ ఏదో, ప్యాకెట్ పాల టీ ఏదో ఒక్క గుక్కలో చెప్పేస్తా," అన్నాడు ఆ కుర్రాడు.

గోదావరి జిల్లాలో ఓ చిన్న ఊరి డిగ్రీ కాలేజీ కథ ఇది. రెండు సెక్షన్లనూ ఒకే గదిలో కూర్చోబెట్టి, పీ-వాల్యూ అంటే ఏమిటో చెబుతున్నారు స్టాటిస్టిక్స్ మాస్టారు. పిల్లలకు నమ్మకం కుదరలేదు. "0.05 కన్నా తక్కువొస్తే నిజం, ఎక్కువొస్తే అబద్ధమా? ఆ గీత ఎవరు గీశారు సార్?" అని ముందు బెంచీ అమ్మాయి నిలదీసింది. మాస్టారు జవాబు చెప్పకుండా క్యాంటీన్‌కు కబురు పెట్టారు.

ఎనిమిది గ్లాసులు వచ్చాయి. నాలుగింట్లో గేదెపాల టీ, నాలుగింట్లో ప్యాకెట్ పాల టీ. టీపొడి, పంచదార, వేడి అన్నింటికీ ఒకటే. మీగడ తేలితే నాలుకతో పని లేకుండా కళ్లే చెప్పేస్తాయని టీ వడగట్టించి, కుర్రాడి కళ్లకు గంతలు కూడా కట్టించారు. ఏ గ్లాసు ఎన్నోదిగా ఇవ్వాలో చీటీలు తీసి నిర్ణయించారు. ఈ జాగ్రత్తలు తప్పితే తర్వాత ఎంత గొప్ప లెక్క వేసినా దండగే.

ఇలాంటి పరీక్షనే రొనాల్డ్ ఫిషర్ 1935లో తన పుస్తకంలో వివరించాడు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసినవాడాయన. కప్పులో పాలు ముందు పోశారో, టీ ముందు పోశారో రుచి చూసి చెప్పగలనంది ఒకావిడ. ఆమెకూ ఎనిమిది కప్పులే. మన సి.ఆర్. రావు కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసింది ఈ ఫిషర్ దగ్గరే.

కుర్రాడు నాలుగు గేదెపాల గ్లాసులనూ సరిగ్గా పట్టేశాడు. ఎనిమిదింట్లోంచి నాలుగింటిని 70 రకాలుగా ఎంచుకోవచ్చు. అందులో పూర్తిగా సరైనది ఒక్కటే. అంటే రుచే తెలియనివాడు గుడ్డిగా ఎంచినా, ఇలా కుదిరే అవకాశం 70లో ఒకటి, సుమారు 0.014. ఇదే పీ-వాల్యూ.

"అయితే వాడు ఊహించి చెప్పాడనడానికి 70లో ఒక వంతే అవకాశం, అంతేగా సార్?" అంది ఆ అమ్మాయి.

చాలామంది జారేది సరిగ్గా ఇక్కడే. రుచి చూడ్డానికి ముందే మాస్టారు క్లాసులో అందరిచేతా ఒక్కో చీటీ రాయించారు. టీ ముట్టుకోకుండానే, ఏ నాలుగు గ్లాసులు గేదెపాలవో తోచినట్టు రాయమన్నారు. డెబ్బై మంది దాకా రాశారు. ఇప్పుడు విప్పి చూస్తే ఒక చీటీలో నాలుగూ సరిగ్గా ఉన్నాయి. అది ఆ అమ్మాయిదే.

"నీ పీ-వాల్యూ కూడా 0.014 అమ్మా. మరి నువ్వు ఊహించి రాశావనడానికి అవకాశమెంత?"

"నూటికి నూరు పాళ్లు సార్. నేను రుచే చూడలేదుగా!"

వట్టి ఊహే అయితే ఇంత బాగా, లేదా ఇంతకన్నా బాగా కుదరడం ఎంత అరుదో మాత్రమే పీ-వాల్యూ చెబుతుంది. అది ఊహ అవునో కాదో తేల్చాలంటే ఇంకా తెలియాల్సినవి ఉన్నాయి. ఎంతమంది ప్రయత్నించారు? చెప్పినదాన్ని నమ్మడానికి ముందే ఏమైనా కారణముందా? డెబ్బై మంది గుడ్డిగా రాస్తే సగటున ఒకరికి కుదరాల్సిందే. ఆ ఒక్క చీటీ చూపించి మిగతావి చెత్తబుట్టలో వేస్తే ఎవరినైనా నమ్మించవచ్చు.

"వాడు ఒక గ్లాసు తప్పి ఉంటేనో?" అని వెనక బెంచీ నుంచి ప్రశ్న. మూడు సరై ఒకటి తప్పే ఎంపికలు 16. అన్నీ సరైనదాన్నీ కలిపితే 70లో 17, దాదాపు 0.24. అలాగని వాడికి రుచి తెలియదని రుజువైపోదు. ఎనిమిది గ్లాసుల పరీక్షకు ఒక పొరపాటును తట్టుకునే శక్తి లేదు, అంతే.

మర్నాడు ఇద్దరికీ మళ్లీ పరీక్ష పెట్టారు. ఈసారి పన్నెండు గ్లాసులు, అందులో ఆరు గేదెపాలవి. మొత్తం ఎంపికలు 924. కుర్రాడు ఐదు పట్టుకుని ఒకటి తప్పాడు. అంత బాగా, లేదా అంతకన్నా బాగా కుదిరేవి 37, అంటే 0.04. మళ్లీ టీ ముట్టకుండానే రాసిన అమ్మాయికి మూడే కుదిరాయి. ఊహకు సగటున వచ్చేదీ మూడే. నా మటుకు, మొదటి రోజు 0.014 కన్నా ఈ రెండో రోజు ఫలితమే బలమైన సాక్ష్యం. ఎందుకంటే ఎవరిని పరీక్షించాలో ముందే నిర్ణయించుకుని చేశారు.

ఇక గీత సంగతి. ఇరవైలో ఒకటి అనే హద్దు వాడుకకు వీలుగా ఉంటుందని ఫిషర్ 1925లో రాశాడు. అది ప్రకృతి నియమం కాదు. 0.049కీ 0.051కీ మధ్య నిజం, అబద్ధం అనేంత దూరం లేదు. ఒక ప్రతిపాదన నిజమయ్యే అవకాశాన్ని పీ-వాల్యూ కొలవదని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రకటన చేసింది. కొత్త మందు పనిచేసిందన్న వార్తలో ఈ అంకె కనిపిస్తే, మిగతా చీటీలు ఏమయ్యాయో అడగండి.