ఒలింపిక్స్‌కి ఎవరు వెళతారు?



ఒలింపిక్స్ వచ్చినప్పుడల్లా మన ఇళ్ళల్లో టీవీ ముందు ఒక మాట వినబడుతూనే ఉంటుంది. "ఇంతమంది పిల్లలుండగా ఈ అమ్మాయినే ఎందుకు పంపించారమ్మా?" అని. మన దేశం తనకి నచ్చినవాళ్ళని ఎంచి పంపిస్తుందనీ, అక్కడికెళ్ళి వాళ్ళు ఆడి వస్తారనీ చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. పంపేది దేశమే, కానీ ముందు అక్కడ చోటు దొరకాలి కదా! ఆ చోటు ఎలా దొరుకుతుందో మన విశాఖపట్నం అమ్మాయి యర్రాజి జ్యోతి సంగతి చెబితే మీకు తేలిగ్గా బోధపడుతుంది.

జ్యోతి పరిగెత్తేది నూరు మీటర్ల హర్డిల్స్. దారిలో అడ్డంగా పది చట్రాలుంటాయి, ఒక్కొక్కటీ సుమారు 84 సెంటీమీటర్ల ఎత్తు. వాటిని దాటుకుంటూ పరిగెత్తాలి. తండ్రి కాపలా ఉద్యోగం, తల్లి ఇళ్ళల్లోనూ ఆసుపత్రిలోనూ పనిచేసిన మనిషి. అలాంటి ఇంటినుంచి వచ్చిన పిల్ల.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ పరుగుకి ప్రపంచం మొత్తానికి 40 చోట్లే పెట్టారు. అందులోకి పోవడానికి మొదటి ద్వారం కాలప్రమాణం. 2023 జూలై 1 నుంచి 2024 జూన్ 30 లోపల, గుర్తింపు ఉన్న పోటీలో, 12.77 సెకన్లలోగానీ అంతకన్నా తక్కువలోగానీ ఎవరు పరిగెత్తితే వాళ్ళకి అర్హత వచ్చినట్టే. వినడానికి ఎంత సులువుగా ఉందో చూడండి. ఇందులో మెలికేమిటంటే వెనకనుంచి గాలి తోస్తే పరుగు వేగం పెరుగుతుంది కదా, ఆ గాలి సెకనుకి 2 మీటర్లు మించితే ఆ కాలం ప్రమాణానికి పనికిరాదు. గాలి సంగతి జ్యోతికి బాగా అనుభవమే. 2022 లో కోజికోడ్‌లో 13.09 సెకన్లలో పరిగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. కానీ ఆ రోజు గాలి 2.1 ఉంది. ఆ ఒక్క పిసరు గాలి మూలంగా రికార్డు లెక్కలోకి రాలేదు. తర్వాత కొద్ది వారాలకే సైప్రస్‌లో 13.23 పరిగెత్తి రికార్డు తన పేర రాయించుకుంది, అది వేరే సంగతి.

సరే, పారిస్ ప్రమాణం 12.77 అన్నాను కదా. 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో జ్యోతి 12.78 పరిగెత్తి కాంస్యం తెచ్చుకుంది. 2024 మే నెలలో ఫిన్లాండులో మళ్ళీ పరిగెత్తింది. మళ్ళీ 12.78! సెకనుని నూరు ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క తేడా. మనం రెప్పవేసేలోపల అలాంటివి చాలా గడిచిపోతాయి. అయినా 12.78 అంటే 12.78 యే, "పోనీలే పాపం" అనేవాళ్ళు అక్కడ లేరు.

మరి జ్యోతి పారిస్ ఎలా వెళ్ళింది? రెండో ద్వారంలోంచి. దాన్ని ప్రపంచ ర్యాంకింగ్ అంటారు. ప్రమాణం అందుకున్నవాళ్ళతో 40 చోట్లూ నిండిపోకుండా, దాదాపు సగం ఇలా ర్యాంకింగ్ మీద వచ్చేవాళ్ళకి మిగిలేటట్టు ప్రమాణాన్ని కావాలనే గట్టిగా పెడతారు. ఇందులో ఒక్క పరుగు చూసి తేల్చరు. ఏడాదిలో మీ పరుగులన్నింటిలో మంచి మార్కులొచ్చిన ఐదింటిని తీసుకుని సగటు కడతారు. ఒక్కో పరుగుకి రెండు రకాల మార్కులుంటాయి. ఎంత కాలంలో పరిగెత్తారన్నదానికి కొన్ని, ఎంత పెద్ద పోటీలో ఎన్నో స్థానం వచ్చిందన్నదానికి కొన్ని. లెక్క తెలియడానికి ఉత్తుత్తి అంకెలు చెబుతాను. ఒకమ్మాయి 12.90 పరిగెత్తితే కాలానికి 90 మార్కులు అనుకుందాం. అది చిన్న పోటీలో అయితే మొదటి స్థానానికి 2 మార్కులు కలిసి 92. అదే 12.90 ఆసియా పోటీలో పరిగెత్తి మొదటొస్తే స్థానానికి 15 కలిసి 105. కాళ్ళు అవే, కాలమూ అదే, కానీ మార్కులు వేరు. ఎదురుగాలిలో పరిగెత్తితే ఇక్కడ కొన్ని మార్కులు కలుపుతారు కూడా. వెనకగాలి హద్దు మించితే కొన్ని కోస్తారు.

అందుకనే ఎక్కడ పరిగెత్తాలన్నది కూడా ఒక విద్యే. ఇంటిదగ్గర చిన్న పోటీల్లో పదిసార్లు గెలిచినా సగటు పెరగదు. జ్యోతికి కలిసొచ్చింది ఇదే. 2023 జూలైలో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ బంగారం, ఆగస్టులో చెంగ్డూ కాంస్యం, ఆ తర్వాత హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వెండి, ఈ మూడూ ఆ లెక్క ఏడాదిలోనే పడ్డాయి. నూరో వంతు సెకను మూసిన తలుపుని ఇవి తెరిచాయి. ఒలింపిక్స్‌లో ఈ హర్డిల్స్ పరుగుకి దిగిన మొదటి భారతీయ మహిళ జ్యోతే.

ఇక్కడ ఇంకో షరతు చెప్పాలి. ఒక దేశంనుంచి ఈ పరుగుకి ముగ్గురికి మించి రాకూడదు. దీని పర్యవసానం చూడండి. అమెరికాలో ఎంపిక పోటీలో నాలుగో స్థానం వచ్చిన నియా అలీ 2019 ప్రపంచ విజేత. ఆ రోజు 12.37 లో పరిగెత్తింది. అయినా ఇంట్లో ఉండిపోయింది. 12.78 పరిగెత్తిన మన అమ్మాయి పారిస్ వెళ్ళింది. అన్యాయం అంటారా? నాకలా అనిపించదు. ఒలింపిక్స్ అంటే ప్రపంచంలో అందరికన్నా వేగంగా పరిగెత్తే నలభైమంది పోటీ కాదు, ప్రపంచం వచ్చి కలుసుకునే పోటీ. అయితే నియా అలీ తల్లిగారి దగ్గర కూర్చుని ఈ మాట అనగలనా అంటే మాత్రం చెప్పలేను.

ఆ "ప్రపంచం రావాలి" అన్న సంగతే కుస్తీ, బాక్సింగు వంటి ఆటల్లో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. గుద్దులకి సెకన్ల కొలత పెట్టలేం కదా! అందుకని ఒక్కో ఖండానికి ఇన్ని చోట్లని ముందే పంచేస్తారు, మన రేషన్ కోటాలాగే. ఆసియా వాళ్ళు ఆసియా వాళ్ళతోనే తలపడి తమ కోటా గెలుచుకోవాలి. పారిస్ బాక్సింగుకి ఆసియా కోటా హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లోనే పంచారు. ఆడవాళ్ళ 50 కిలోల తరగతిలో సెమీఫైనల్ చేరిన నలుగురికీ చోటిచ్చారు. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ క్వార్టర్ ఫైనల్లో జోర్డాన్ అమ్మాయిని ఓడించగానే పారిస్ చోటు ఖాయమైపోయింది. సెమీఫైనల్లో ఓడినా చోటు చోటే.

కానీ చోటు వచ్చాక కూడా పోవచ్చు. అదే క్రీడల్లో 57 కిలోల తరగతిలో కూడా మనకి చోటు దొరికింది. మందుల పరీక్ష కోసం ఆటగాళ్ళు ప్రతిరోజూ ఫలానా గంటకి ఫలానా చోట ఉంటామని ముందుగా రాసివ్వాలి. ఏడాదిలో మూడుసార్లు అది తప్పితే మందు తీసుకోకపోయినా నిషేధమే. ఆ చోటు గెలిచిన అమ్మాయి అలా నిషేధంలో పడింది, చోటు దేశం చెయ్యి జారిపోయింది. చివరికి 2024 లో బ్యాంకాక్‌లో జరిగిన ఆఖరి అర్హతా పోటీలో జాస్మిన్ లంబోరియా అనే మరో అమ్మాయి గెలిచి ఆ తరగతిలో మళ్ళీ చోటు తెచ్చింది.

చోటు దొరకడం వేరు, అక్కడ ఎవరు ఎదురుపడతారన్నది వేరు. నిఖత్‌కి ఆ బరువులో సీడు ఏదీ లేకపోవడంవల్ల రెండో ఆటలోనే చైనా అమ్మాయి వూ యూ ఎదురైంది. నిఖత్ ఓడింది. చివరికి బంగారం కూడా ఆ వూ యూకే వచ్చింది. జ్యోతి పారిస్‌లో మొదటి పరుగు 13.16 లో ముగించింది. ఆ ఏడాది ఒలింపిక్స్‌లో కొత్తగా పెట్టిన రెండో అవకాశపు పరుగులో 13.17. ముందుకి పోలేకపోయింది.