ఫేసింగ్‌కు ఎంతసేపు? ఎంత లోహం?

లేత్ చక్‌లో బిగించిన గుండ్రటి కడ్డీ ముఖాన్ని దాని అక్షానికి లంబంగా, చదునుగా కోసే పనిని ఫేసింగ్ అంటారు. రంపంతో కోసిన కడ్డీ చివర కాస్త వాలుగానో గరుకుగానో ఉంటుంది. అందుకే లేత్ ఎక్కిన జాబ్‌కు చాలాసార్లు ముందుగా జరిగేది ఇదే. టూల్ బయటి అంచు దగ్గర మొదలై, క్రాస్ స్లైడ్ మీద కదులుతూ కేంద్రం దాకా వస్తుంది. ఈ కోతకు ఎంతసేపు పడుతుందో, నిమిషానికి ఎంత లోహం ఊడుతుందో తెలుసుకోవడానికి కావలసినవి నాలుగే: జాబ్ వ్యాసం, ఒక చుట్టుకు టూల్ జరిగే దూరం (ఫీడ్), స్పిండిల్ వేగం (ఆర్‌పీఎం), కోత లోతు. సమయం వరకైతే మొదటి మూడూ చాలు.

100 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న మైల్డ్ స్టీల్ కడ్డీని తీసుకుందాం. టూల్‌కు కార్బైడ్ టిప్ ఉంది. ఫీడ్ చుట్టుకు 0.2 మి.మీ., స్పిండిల్ వేగం 300 ఆర్‌పీఎం, కోత లోతు 2 మి.మీ. జాబ్ ఒక్కసారి తిరిగితే టూల్ 0.2 మి.మీ. లోపలికి జరుగుతుంది. నిమిషానికి 300 చుట్లు కాబట్టి నిమిషంలో అది వెళ్లే దూరం 60 మి.మీ. ఇక వెళ్లాల్సిన దూరమెంత? ఎక్కువమంది తప్పులో కాలేసేది ఇక్కడే. టూల్ అంచు నుంచి కేంద్రానికి వస్తే చాలు, అవతలి అంచు దాకా పోనక్కర్లేదు. ఆ సగం ముఖాన్ని జాబే తిప్పి టూల్ ముందుకు తెస్తుంది. కాబట్టి దూరం వ్యాసం కాదు, వ్యాసార్ధం: 50 మి.మీ.

సమయం = వ్యాసార్ధం ÷ (ఫీడ్ × ఆర్‌పీఎం) = 50 ÷ (0.2 × 300) = 0.833 నిమిషం

అంటే 50 సెకన్లు. టూల్ జాబ్‌కు ఆనుకుని మొదలవదు. బయట రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఆటో ఫీడ్ వేస్తారు. ఆ 3 మి.మీ. కూడా కలిపితే 53 సెకన్లు. ఈ లెక్కలో కోత లోతు ఎక్కడా రాలేదని గమనించాలి. ఇదే ఫీడ్‌తో, ఇదే వేగంతో 1 మి.మీ. తీసినా 2 మి.మీ. తీసినా పట్టే సమయం ఒకటే.

లోహం ఎంత ఊడిందో చూడాలంటే ముఖం వైశాల్యాన్ని లోతుతో గుణిస్తే సరిపోతుంది. 100 మి.మీ. వృత్తం వైశాల్యం 7,854 చదరపు మి.మీ. దాన్ని 2తో గుణిస్తే 15,708 ఘన మి.మీ. ఇంత లోహం 0.833 నిమిషంలో పోయింది కనుక సగటు రేటు నిమిషానికి 18,850 ఘన మి.మీ., అంటే దాదాపు 19 ఘన సెంటీమీటర్లు.

పుస్తకంలో టర్నింగ్‌కు ఇచ్చే సూత్రం వేరేగా ఉంటుంది: π × వ్యాసం × ఫీడ్ × లోతు × ఆర్‌పీఎం. దాంట్లో 100 మి.మీ. వేస్తే 37,699 వస్తుంది, సరిగ్గా రెట్టింపు. సూత్రం తప్పు కాదు, అది చెప్పేది మొదటి క్షణం సంగతి. టర్నింగ్‌లో వ్యాసం ఒక పాస్ మొత్తం మారదు. ఫేసింగ్‌లో టూల్ లోపలికి వస్తున్నకొద్దీ అది కోస్తున్న వృత్తం చిన్నదవుతూ పోతుంది, కేంద్రం దగ్గర సున్నా అవుతుంది. టూల్ ఒకే వేగంతో నడుస్తోంది కాబట్టి రేటు కూడా 37,699 నుంచి సున్నాకు సమంగా పడిపోతుంది, సగటు అందులో సగం. అందుకే ఫేసింగ్‌కు ఆ సూత్రంలో సగటు వ్యాసం, అంటే ఇక్కడ 50 మి.మీ., వేయాలి.

దీని ప్రభావం కంటికి కూడా కనిపిస్తుంది. మొదటి 25 సెకన్లలో టూల్ 100 నుంచి 50 మి.మీ. వ్యాసానికి వస్తుంది, ఆ సరికే మూడొంతుల లోహం పోయి ఉంటుంది. మిగిలిన నాలుగో వంతు కోసం ఇంకో 25 సెకన్లు పడుతుంది. అంచు దగ్గర కోత వేగం నిమిషానికి 94 మీటర్లు. 10 మి.మీ. వ్యాసం దగ్గరికి వచ్చేసరికి అది 9 మీటర్లే. అంత తక్కువ వేగంలో స్టీల్ తెగడం మాని టూల్ మొనకు అతుక్కుంటుంది, కేంద్రం చుట్టూ ముఖం గరుకుగా తేలుతుంది. సరిగ్గా కేంద్రంలో చిన్న బొడిపె మిగిలిందంటే మాత్రం నేరం వేగానిది కాదు, టూల్ మొన కేంద్రం ఎత్తులో లేదన్నమాట.

జాబ్ మధ్యలో 40 మి.మీ. రంధ్రం ఉంటే ఈ వృథా భాగం చాలావరకు తప్పుతుంది. అప్పుడు టూల్ వెళ్లాల్సింది 100 నుంచి 40ని తీసేసి సగం చేస్తే వచ్చే 30 మి.మీ. మాత్రమే, పట్టేది 30 సెకన్లు. సగటు వ్యాసం 70 మి.మీ. కాబట్టి రేటు నిమిషానికి 26,389 ఘన మి.మీ.కు పెరుగుతుంది. 60 శాతం సమయంలోనే 84 శాతం లోహం పోతుందన్నమాట.

సీఎన్‌సీ లేత్‌లో ఇంకో దారి ఉంది. ప్రోగ్రామ్‌లో G96 ఇస్తే వ్యాసం తగ్గేకొద్దీ స్పిండిల్ వేగం పెరుగుతూ కోత వేగం ఒకేలా ఉంటుంది. కేంద్రం దగ్గర వేగం హద్దు లేకుండా పెరగకూడదు కాబట్టి గరిష్ఠ ఆర్‌పీఎం కూడా ఇవ్వాలి. ఇదే జాబ్‌కు 94 మీటర్ల వేగం, 2,000 ఆర్‌పీఎం హద్దు పెడితే 15 మి.మీ. వ్యాసం దాకా వేగం పెరుగుతూ వెళ్లి, అక్కడి నుంచి 2,000 దగ్గర నిలిచిపోతుంది. మొత్తం కోత దాదాపు 26 సెకన్లలో అయిపోతుంది, ఇంచుమించు సగం సమయం.

మోటారు విషయంలో సగటు మీద ఆధారపడకూడదు. మైల్డ్ స్టీల్‌లో ఒక ఘన మి.మీ. కోయడానికి సుమారు 2 నుంచి 3 జౌళ్ల శక్తి కావాలి. సగటు రేటుతో లెక్కిస్తే ఒక కిలోవాట్ లోపే తేలుతుంది, 2 హార్స్‌పవర్ల మోటారుకు అది సులువైన పనే అనిపిస్తుంది. కానీ అంచు దగ్గర రేటు సెకనుకు 628 ఘన మి.మీ., అక్కడ 1.3 నుంచి 1.9 కిలోవాట్లు కావాలి. 2 హార్స్‌పవర్లంటే 1.5 కిలోవాట్లు మాత్రమే. లేత్ మూలిగేది కోత మొదట్లోనే, లోపలికి వచ్చేకొద్దీ తేలికపడుతుంది. G96లో అయితే ఆ మొదటి భారమే దాదాపు కోత అంతా ఉంటుంది. మోటారు చాలకపోతే తగ్గించాల్సింది కోత లోతు. 2 మి.మీ.ని రెండు పాస్‌లుగా తీస్తే భారం సగమవుతుంది, కోత సమయం రెట్టింపవుతుంది.

లెక్క సరిపోయిందో లేదో స్టాప్‌వాచ్‌తో చూసుకోవచ్చు. 53 సెకన్లు రావాల్సిన చోట 60 వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది ఆర్‌పీఎంనే. మామూలు లేత్‌లో ఫీడ్ గేర్ల ద్వారా స్పిండిల్‌కే కట్టుబడి ఉంటుంది, స్పిండిల్ నెమ్మదిస్తే టూల్ కూడా అంతే నెమ్మదిస్తుంది. చిప్ మందం మారదు కాబట్టి దాన్ని చూసి తేడా పట్టుకోవడం కుదరదు. 60 సెకన్లంటే స్పిండిల్ నిజంగా తిరిగింది 265 ఆర్‌పీఎంతో. చాలాసార్లు దానికి కారణం బరువు పడ్డప్పుడు జారుతున్న బెల్టు.