వార్తల్లో పదం: ఎస్‌ఓపీ

విదేశీ ఎంఎస్ ప్రవేశాల వార్తల్లో కనిపించే ఎస్‌ఓపీ అంటే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్. ఈ కోర్సే ఎందుకు, చదివాక ఏం చేస్తారు అన్నది అభ్యర్థి ఒకటి రెండు పేజీల్లో రాసే వ్యాసం. మార్కులు, ఉద్యోగాల వివరాలు రెజ్యూమెలో ఎలాగూ ఉంటాయి. ఎంపిక కమిటీ ఇక్కడ వెతికేది వాటి మధ్య సంబంధాన్ని.

అనంతపురం బోరుబావులపై ప్రాజెక్టు చేసిన సివిల్ విద్యార్థి ‘చిన్నప్పటి నుంచీ ఆసక్తి’ అని రాస్తే తెలిసేదేమీ లేదు. ‘నీటిమట్టం తగ్గిందని కొలతలతో చూపగలిగాను, వచ్చే ఏడాది ఎంత తగ్గుతుందో అంచనా కట్టలేకపోయాను. అందుకే భూగర్భజల మోడలింగ్ చదివి, కరవు జిల్లాల నీటి ప్రణాళికలో పనిచేస్తాను’ అంటే గతం, కోర్సు, లక్ష్యం ముడిపడతాయి. ఇందులో ‘కట్టలేకపోయాను’ అన్న మాటే కీలకం. కోర్సు అవసరాన్ని చూపేది అదే. విశ్వవిద్యాలయం పేరు మార్చి అదే వ్యాసాన్ని మరోచోటికి పంపగలిగితే, ఆ ముడి ఇంకా పడనట్టే.