కొట్టు మూయకుండా సెలవు

మంగళగిరి చీరలను సొంత వెబ్‌సైట్‌లో అమ్మే ఒకావిడకు ఆపరేషన్, రెండు వారాల విశ్రాంతి అనుకుందాం. ఇలాంటప్పుడు చాలామంది సైట్‌నే ఆపేస్తారు. అదే ప్రమాదం. పేజీలు కనబడకపోతే గూగుల్ వాటిని తన జాబితా నుంచి తీసేస్తుంది, తిరిగి ఎక్కడానికి సమయం పడుతుంది. పేజీలకు `noindex` పెట్టినా అంతే. మూత తప్పకపోతే `503` సంకేతం ఇవ్వవచ్చు కానీ, అది ఒకటి రెండు రోజులకే.

గూగుల్ సలహా సూటిగా ఉంది: పేజీలన్నీ ఉంచండి, కొనే బటన్ మాత్రం ఆపండి. పైన అందరికీ కనబడేలా తిరిగి తెరిచే తేదీ రాయండి. పేజీ వెనకున్న సమాచారంలో కూడా సరుకు లభ్యతను `OutOfStock` అని మార్చాలి. ఇది చాలామంది మరిచిపోతారు.

నాలుగైదు రోజుల ప్రయాణమైతే అమ్మకం ఆపనక్కర్లేదు. రెండు రోజుల్లో పంపేవారు ఆ గడువును వారానికి పెంచితే చాలు. బయల్దేరే ముందే పెంచాలి, పాత ఆర్డర్లకు పాత గడువే వర్తిస్తుంది.

ఆటోమేటిక్ జవాబులో "త్వరలో" అని రాయకండి. "15వ తేదీ నుంచి పార్సిళ్లు పంపుతాం" అని రాయండి.