స్టెప్డ్ బార్ లెక్క: ఏ ముక్కలో ఎంత ఫోర్స్ ఉందో ఎలా కనిపెట్టాలి?

బీటెక్‌లో ఒక ఇంటర్నల్ ఎగ్జామ్‌లో ఇదే లెక్క వచ్చింది. ఫార్ములా కరెక్ట్‌గానే రాశా, అయినా సగం మార్కులు కూడా రాలేదు. ఎందుకంటే, పాయింట్ దగ్గర ఇచ్చిన లోడే పక్క ముక్కలో ఉండే ఫోర్స్ అనుకున్నా. ఈరోజు ఆ ఒక్క తప్పు సంగతి చూద్దాం.

ముందు బొమ్మ గీసుకోండి. ఎడమ పక్క గోడ, అందులో బిగించిన చివర ఏ. అక్కడి నుంచి కుడికి బీ, సీ, చివర్లో ఫ్రీగా ఉన్న డీ. మూడు ముక్కలూ స్టీలే.

ఏబీ: పొడవు 600 మి.మీ., ఏరియా 800 చ.మి.మీ.
బీసీ: పొడవు 400, ఏరియా 400.
సీడీ: పొడవు 300, ఏరియా 200.

లోడ్లు: బీ దగ్గర కుడికి 100 కిలోన్యూటన్లు, సీ దగ్గర ఎడమకి 60, డీ దగ్గర కుడికి 40.

ఇప్పుడు అసలు ట్రిక్. ముక్క మధ్యలో కత్తితో కోసినట్టు ఊహించుకోండి. కోతకి కుడి పక్క ఉన్న లోడ్లన్నీ కలపండి. కుడికి లాగితే ప్లస్, ఎడమకి నెడితే మైనస్. ఫ్రీ చివర నుంచి మొదలుపెడతాం కాబట్టి గోడ రియాక్షన్ ముందే కనుక్కోవాల్సిన పని లేదు.

సీడీలో కోస్తే కుడి పక్క 40 ఒక్కటే. బీసీలో కోస్తే 40 - 60, అంటే మైనస్ 20. ఈ ముక్క నొక్కుకుపోతోందన్నమాట! ఏబీలో 40 - 60 + 100, అంటే 80.

స్ట్రెస్ అంటే ఫోర్స్‌ని ఏరియాతో భాగించడమే. కిలోన్యూటన్లని న్యూటన్లలోకి మార్చడం మర్చిపోకండి.

```
CD:  40000/200 = 200 MPa
BC: -20000/400 = -50 MPa
AB:  80000/800 = 100 MPa
```

చూశారా? ఎక్కువ ఫోర్స్ ఏబీలో ఉంది, ఎక్కువ స్ట్రెస్ మాత్రం సన్నగా ఉన్న సీడీలో. మైల్డ్ స్టీల్ సుమారు 250 దగ్గర ఈల్డ్ అవుతుంది. కాబట్టి ముందు భయపడాల్సింది సీడీ గురించే.

ఇక సాగుదల. స్ట్రెస్‌ని పొడవుతో గుణించి E తో భాగిస్తాం. స్టీల్‌కి E = 200000 MPa.

```
CD:  200×300/200000 =  0.3 mm
BC:  -50×400/200000 = -0.1 mm
AB:  100×600/200000 =  0.3 mm
Total               =  0.5 mm
```

మైనస్ వదిలేస్తే 0.7 వస్తుంది. నాలాగా పాయింట్ లోడ్లే వాడితే 0.375 వస్తుంది. రెండూ తప్పే.

చెక్ చేసుకోవడం ఈజీ. మూడు లోడ్లూ కలిపితే కుడికి 80, అంటే గోడ ఎడమకి 80తో లాగాలి. ఏబీలో మనకొచ్చిందీ అదే 80. ఇది కలవకపోతే ఎక్కడో సైన్ తిరగబడినట్టే.

ఒక్క జాగ్రత్త. సైజు మారే మూల దగ్గర స్ట్రెస్ ఈ లెక్క కంటే ఎక్కువే ఉంటుంది. అందుకే నిజం షాఫ్టుల్లో ఆ మూలని గుండ్రంగా తిప్పుతారు. మన నంబర్లు మూలకి కాస్త దూరంలోనే కరెక్ట్.

ఇప్పుడు సీ దగ్గరి 60ని 40 చేసి చూడండి. బీసీలో ఏమవుతుందో కామెంట్‌లో పెట్టండి!