సాష్ లేపిన ఆ కొద్ది సెకన్లు

జీడిమెట్లలోనో పరవాడలోనో ఏ మందుల కంపెనీ ల్యాబ్‌లోకి వెళ్లినా, గోడ వారగా అద్దం తలుపులున్న పెద్ద పెద్ద అల్మరాలు వరసగా కనిపిస్తాయి. వాటినే ఫ్యూమ్ హుడ్‌లంటారు. పైకీ కిందికీ జరిగే ఆ అద్దం తలుపు పేరు సాష్. కెమిస్టు దాన్ని పైకి లేపి, చేతులు లోపలికి పెట్టి పని చేసుకుంటాడు. ఫ్లాస్కులోంచి లేచే ఆవిర్లు వెనక పలకలోని సందుల గుండా డక్ట్‌లోకి, అక్కణ్నుంచి మేడ మీది బ్లోయర్ దాకా వెళ్లి పైకి పోతాయి. చూసేవాళ్లకి అద్దమే రక్షణ అనిపిస్తుంది. కానీ చేతులు పెట్టిన చోట అద్దమే లేదు కదా! అక్కడ మనిషికీ ఆవిరికీ మధ్య ఉన్నది గదిలోంచి హుడ్‌లోకి మెల్లగా పారే గాలి మాత్రమే.

ఆ తెరిచిన ముఖం దగ్గర గాలి వేగాన్ని ఫేస్ వెలాసిటీ అంటారు. మామూలు హుడ్‌కి సెకనుకు 0.4 నుంచి 0.5 మీటర్ల మధ్య పెడతారు. మన ఇంజినీర్లలో చాలామంది ఇప్పటికీ దీన్ని నిమిషానికి 80 నుంచి 100 అడుగులు అనే చెబుతారు. చేతికి తగిలీ తగలనంత గాలి అది. కాస్త చురుగ్గా నడిచే మనిషి వేగం దానికి రెండు మూడు రెట్లు ఉంటుంది. అందుకే హుడ్ ముందు నుంచి ఎవరైనా విసురుగా నడిచి వెళ్తే, ఆ ఊపుకే కొంచెం ఆవిరి బయటికి తొంగి చూస్తుంది.

మరి వేగం రెట్టింపు చేస్తే పోలేదా? ఈ ప్రశ్న ప్రతి ఫ్యాక్టరీలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. చేస్తే పని చెడుతుంది. హుడ్ ముందు మనిషి నిలబడి ఉంటాడు. గాలి అతని వీపు వైపు నుంచి వచ్చి, రెండు పక్కలుగా చీలి, ఛాతీ ముందు సుళ్లు తిరుగుతుంది, వంతెన స్తంభం దాటాక ఏటి నీరు తిరిగినట్టు. గాలి జోరు పెరిగేకొద్దీ ఆ సుడి బలం పెరిగి, హుడ్ అంచు దగ్గరున్న ఆవిరిని వెనక్కి లాగి ముక్కు దాకా తెస్తుంది. అందుకే 0.6 దాటితే అనుభవం ఉన్నవాళ్లు మెచ్చుకోరు. తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే.

వేగం ఇలా ఒక్కచోట నిలవాలంటే, సాష్ ఎంత తెరిస్తే అంత గాలి లాగాలి. లెక్క తేలికే. అయిదడుగుల వెడల్పు, అంటే సుమారు 1.5 మీటర్ల హుడ్ తీసుకుందాం. సాష్‌ని 50 సెంటీమీటర్లు లేపితే ముఖం 0.75 చదరపు మీటర్లు. దాన్ని 0.5తో గుణిస్తే సెకనుకు 0.375 ఘనపు మీటర్లు, గంటకు 1,350. ఇదంతా ఏసీ చేసిన గాలి. ఫ్యూమ్ హుడ్ గాలిని మళ్లీ గదిలోకి తిప్పకూడదు కాబట్టి, పోయినంత గాలినీ బయటి నుంచి కొత్తగా తెచ్చి చల్లబరచాల్సిందే. హైదరాబాద్ మే నెల ఎండలో ఈ ఒక్క హుడ్ కోసమే దాదాపు మూడున్నర టన్నుల ఏసీ కావాలి. ఇంట్లో పెట్టుకునే టన్నున్నర స్ప్లిట్ ఏసీలు రెండు కలిపినా చాలవు.

పాత పద్ధతి హుడ్‌లలో సాష్ మూసినా తెరిచినా ఇదే గాలి పోతూ ఉంటుంది. సాష్ దించితే పైన ఒక బైపాస్ జాలీ తెరుచుకుని, గాలి అటు నుంచి లోపలికి వస్తుంది. వేగం అదుపులో ఉంటుంది కానీ కరెంటు బిల్లులో పైసా తగ్గదు. అందుకే వీఏవీ వచ్చింది. వేరియబుల్ ఎయిర్ వాల్యూమ్, అంటే అవసరాన్ని బట్టి గాలి పరిమాణాన్ని మార్చడం. సాష్ దించితే డక్ట్‌లోని వాల్వ్ బిగుసుకుంటుంది, లేపితే విప్పుకుంటుంది. పూర్తిగా మాత్రం మూసుకోదు. మూసిన హుడ్‌లోనూ ఆవిర్లు పోగుపడకుండా, సాల్వెంట్ ఆవిరి మండే మోతాదుకు చేరకుండా కొంత గాలి ఆడుతుండాలి. మన హుడ్‌కి అది గంటకు 400 ఘనపు మీటర్లు అనుకుందాం.

ఇంతవరకూ ఏ బ్రోచర్ చదివినా తెలుస్తుంది. సాష్ కదిలే ఆ కొద్ది సెకన్లలో ఏం జరుగుతుందో మాత్రం అందులో ఉండదు.

కెమిస్టు సాష్‌ని ఒక్క ఊపులో లేపాడు. సెకను పట్టింది. వాల్వ్ ఇంకా 400 దగ్గరే ఉంది. తెరుచుకున్న 0.75 చదరపు మీటర్ల ముఖం గుండా ఆ 400 పారితే వేగం 0.15 మాత్రమే. సరిగ్గా అప్పుడే అతను చేతులు లోపలికి పెడుతున్నాడు, ఫ్లాస్కు కదుపుతున్నాడు. ఉన్న రక్షణ మూడో వంతు కంటే తక్కువ. వాల్వ్ రెండు మూడు సెకన్లలో అందుకుంటే ఫరవాలేదు. పదిహేను సెకన్లు తీసుకుంటే, మీటర్ మీద రోజంతా 0.5 కనిపించే హుడ్ రోజుకి ఇరవై సార్లు కెమిస్టు ముఖం మీదికి ఆవిరి ఊదుతుంది. వీఏవీ మంచిచెడ్డలు తేలేది ఇక్కడే అని నా అభిప్రాయం.

అందుకే సెన్సర్ ఎంపిక ముఖ్యం. ఒక రకం హుడ్ పక్క గోడలో చిన్న రంధ్రం పెట్టి, గదిలోంచి లోపలికి జారే గాలి వేగాన్ని కొలుస్తుంది. చౌక. కానీ ఎవరైనా పక్క నుంచి నడిచినా ఉలిక్కిపడుతుంది. ఆ ఉలికిపాటుకు వాల్వ్ ఊగకూడదని కొన్ని సెకన్ల సగటు చూస్తారు. దాంతో స్పందన మందగిస్తుంది. రెండో రకం సాష్‌కి సన్నటి తీగ కట్టి, అది ఎంత ఎత్తులో ఉందో చూసి, ‘ఇంత గాలి కావాలి’ అని వాల్వ్‌కి నేరుగా చెబుతుంది. దీనికి జతగా వెంచూరి వాల్వ్ పెడితే సెకను లోపే కదులుతుంది. ఆ వాల్వ్ నడుము సన్నంగా ఉన్న గొట్టం. అందులో స్ప్రింగ్ మీద కూర్చున్న శంకువు ఉంటుంది. డక్ట్‌లో లాగే పీడనం పెరిగితే శంకువు నడుములోకి ఇంకాస్త జారి దారి ఇరుకు చేస్తుంది, తగ్గితే వెనక్కి వస్తుంది. పక్క హుడ్‌లో ఏం జరిగినా దీని గాలి మారదు.

దీనికీ బలహీనతలున్నాయి. ఆ వాల్వ్ గాలిని కొలవదు, తన శంకువు ఎక్కడుందో చూసి ‘ఇంత పోతోంది’ అని నమ్ముతుంది. సాధారణ రకానికి కనీసం 150 పాస్కల్‌ల పీడన తేడా కావాలి, అది లేకపోతే స్ప్రింగ్ లెక్క తప్పుతుంది. యాసిడ్ ఆవిర్లకు శంకువు మీద పొరలు కట్టినా అంతే. ఇక సాష్ తీగ జారిపోతే కంట్రోలర్ తలుపు మూసే ఉందనుకుంటుంది. పట్టుకోవడం కష్టం కాదు. సన్నటి టిష్యూ కాగితం ముక్కని సాష్ అంచుకు అతికించి చూడండి. డిస్‌ప్లే 0.5 అంటున్నా కాగితం లోపలికి వంగకుండా వేలాడుతుంటే డిస్‌ప్లేని నమ్మొద్దు.

హుడ్ సంగతి ఇలా ఉంటే, గదికి ఇంకో లెక్క ఉంది. ల్యాబ్‌లోకి వచ్చే గాలి కంటే పోయే గాలి ఎప్పుడూ కాస్త ఎక్కువుండాలి. అప్పుడే వరండాలోని గాలి తలుపు సందుల్లోంచి లోపలికి వస్తుంది, ల్యాబ్ వాసన బయటికి పోదు. ఎనిమిది హుడ్‌ల ల్యాబ్‌కి ఈ తేడా గంటకు 600 అనుకుందాం. ఒక కెమిస్టు సాష్ దించాడు. 1,350 కాస్తా 400 అయింది, అంటే పోయే గాలి ఒక్కసారిగా 950 తగ్గింది. సప్లై డ్యాంపర్ తాపీగా కదిలేదయితే ఈలోగా గదిలోకి 350 ఎక్కువ వస్తోంది. అంతసేపూ గది వరండాలోకి ఊదుతుంది. అందుకే సాష్ లేపేటప్పుడు ఎగ్జాస్ట్ ముందు, సప్లై వెనక నడవాలి. దించేటప్పుడు సప్లై ముందుగానో, కనీసం కలిసో తగ్గాలి. నాసిరకం సెటప్‌లో ఈ రెండూ ఒకదాన్నొకటి తరుముకుంటాయి. డ్యాంపర్ మోటార్లు రోజంతా కిర్రుమంటూ తిరుగుతుంటాయి, తలుపు దానంతటదే తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. ల్యాబ్ తలుపు ఊగుతోందంటే కార్పెంటర్‌ని పిలిచే ముందు కంట్రోల్స్ మనిషిని పిలవాలి.

ఎనిమిది హుడ్‌లూ తెరిస్తే మొత్తం 10,800. అందరూ ఒకేసారి తెరవరు కదా అని డిజైనర్ బ్లోయర్‌ని అందులో 75 శాతానికి, అంటే 8,100కి ఎంచుకున్నాడనుకోండి. అయిదు తెరిచి మూడు మూస్తే 7,950. సరిపోయింది. ఆరోది తెరిస్తే 8,900 కావాలి, లేదు. లోటు అందరికీ సమానంగా పడదు. బ్లోయర్‌కి దూరంగా, డక్ట్ చివరన ఉన్న హుడ్‌కి ముందు గాలి అందదు, అలారం అక్కడ మోగుతుంది. ఆ కెమిస్టు తన హుడ్ పాడైందనుకుని మ్యూట్ నొక్కుతాడు. తప్పు అతని హుడ్‌ది కాదు, ఎనిమిది మందికీ కలిపి రాసిన బడ్జెట్‌ది. ఇలా తక్కువకి డిజైన్ చేసినప్పుడు ‘అయిదుకి మించి తెరవకూడదు’ అని ల్యాబ్ వాళ్లకి చెప్పి తీరాలి. చాలాచోట్ల ఆ ముక్క డ్రాయింగ్‌లోనే ఉండిపోతుంది.

మేడ మీద ఇంకో చిక్కు. అన్నీ మూసేస్తే పోయే గాలి 3,200 మాత్రమే. 8,100 గాలికి సెకనుకు 15 మీటర్ల జోరుతో పైకి విసిరేలా కట్టిన చిమ్నీలో ఆ వేగం 6కి పడిపోతుంది. పొగ పైకి లేవకుండా కప్పు మీదికే వాలి, ఏహెచ్‌యూ తాజా గాలి లాక్కునే జాలీలోంచి మళ్లీ ల్యాబ్‌లోకి వస్తుంది. అందుకని బ్లోయర్‌కి ముందు మేడ మీదే ఒక బైపాస్ డ్యాంపర్ పెడతారు. తగ్గినంత గాలిని అది బయటి నుంచే తీసుకుంటుంది. బ్లోయర్ కరెంటు అంతగా మిగలదు, కానీ ఏసీ ఖర్చు మిగులుతుంది. ఎక్కువ డబ్బు పోయేది ఏసీకే కాబట్టి ఇది గిట్టుబాటే.

ఇవన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో ఎనిమోమీటర్ ఒక్కటీ చెప్పలేదు. సగటు 0.5 ఉన్నా, సీలింగ్ డిఫ్యూజర్ గాలి నేరుగా సాష్ మీద పడుతుంటే ఒక మూల ఆవిరి కారుతూనే ఉంటుంది. అందుకే ఆష్రే 110 పరీక్ష. ముందు పొగ వదిలి చూస్తారు. తర్వాత హుడ్ లోపల నిమిషానికి 4 లీటర్ల చొప్పున సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువు వదిలి, ముందు నిలబెట్టిన బొమ్మ ముక్కు దగ్గర అది ఎంత తేలిందో కొలుస్తారు. ల్యాబ్‌లో బిగించాక పది లక్షల పాళ్లలో 0.1 పాలు దాటకూడదని సాధారణంగా పెట్టుకునే హద్దు. వీఏవీ హుడ్‌కి ఇందులో అసలైన భాగం సాష్‌ని లేపుతూ దించుతూ చేసే పరీక్ష. పక్క హుడ్‌ల సాష్‌లూ అప్పుడే కదిలిస్తే నిజం ఇంకా బాగా బయటపడుతుంది. ఖాళీ ల్యాబ్‌లో ఆదివారం నాడు చేసిన పరీక్షలో నెగ్గడం ఏ హుడ్‌కైనా పెద్ద కష్టం కాదు.

ఇంత చేసినా, రాత్రి రెండింటికి బీఎంఎస్ లాగ్ తీసి చూస్తే నాలుగు హుడ్‌లు పూర్తి గాలి మీద కనిపించే ల్యాబ్‌లుంటాయి. ఎవరూ లేరు, సాష్‌లు దించలేదు, అంతే. మనిషి కదలిక లేకపోతే సాష్‌ని మోటార్‌తో దానంతటదే దించే ఏర్పాటు ఉంది, అడ్డం ఏదైనా తగిలితే ఆగుతుంది కూడా. రీఫ్లక్స్ పెట్టిన ఎత్తైన కండెన్సర్ ట్యూబులు అంచు దాటి బయటికొచ్చిన చోట మాత్రం ఆ సాష్ ప్రతిసారీ సగంలోనే ఆగిపోతుంది. అక్కడ ముందు మార్చాల్సింది ట్యూబులు బయటికి తెచ్చే దారి.